మందు చేరింది, బాక్టీరియా చావలేదు: సూడోమోనాస్ బయోఫిల్మ్ ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి మేడమ్ ఇచ్చింది ఒక్కటే ప్రశ్న. ద్రవంలో విడివిడిగా ఈదుతున్నప్పుడు గంటల్లో చచ్చే బాక్టీరియా, ఏదైనా ఉపరితలానికి అంటుకుని బయోఫిల్మ్ అనే పొరగా పెరిగాక అదే మందుకు, అదే మోతాదుకు ఎందుకు చావదు? "పొర అడ్డుపడుతుంది, మందు లోపలికి పోదు" అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. "ఆ వాక్యం నిజమో కాదో నువ్వే తేల్చి చెప్పు" అన్నారు మేడమ్.

బాక్టీరియా సూడోమోనాస్ ఏరుజినోసా, ఏటీసీసీ 27853 స్ట్రెయిన్. యాంటీబయాటిక్ పరీక్షలు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి చాలా ల్యాబుల్లో వాడేది ఇదే, మా ఫ్రీజర్‌లోనూ ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు గానీ కాలిన గాయాల్లో, మూత్రం గొట్టాల్లో, వెంటిలేటర్ గొట్టాల్లో తిష్ఠ వేస్తుంది. మందులు రెండు, టోబ్రామైసిన్, సిప్రోఫ్లాక్ససిన్. రెండూ చంపే మందులే, కానీ దారులు వేరు. టోబ్రామైసిన్ రైబోజోమ్‌ను పట్టుకుని ప్రోటీన్ల తయారీని చెడగొడుతుంది. సిప్రో డీఎన్ఏ మెలికలను విప్పే ఎంజైమును పట్టేసి డీఎన్ఏను తెంపుతుంది.

ముందుగా ఎంఐసీ చూశాను. కంటికి కనిపించే పెరుగుదలను ఆపగల అతి తక్కువ మోతాదు అది. కాల్షియం, మెగ్నీషియం సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్ అనే పోషక ద్రవంలో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల కణాలతో మొదలుపెట్టాను. ఆ లవణాలు ఎక్కువతక్కువైతే టోబ్రామైసిన్ ఎంఐసీ కూడా అటూఇటూ అయిపోతుంది కాబట్టి మామూలు బ్రాత్ పనికిరాదు. రెండు మందులకూ 0.5 మైక్రోగ్రాముల దగ్గర ఆగింది. ఈ స్ట్రెయిన్‌కు ఉండాల్సిన పరిధిలోనే ఉంది. ఇకనుంచి అన్నిచోట్లా వాడబోయే మోతాదు దీనికి పది రెట్లు, మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు.

జనవరి మూడో వారం

మందుల జోలికి పోకముందు పొర ఎలా కడుతుందో కళ్లతో చూడాలనిపించింది. ఆరు గుంతల ప్లేట్లలో ఒక్కో గుంతలో ఒక గాజు కవర్‌స్లిప్ వేసి, పలచటి కల్చర్ పోసి, ఒక్కో సమయానికి కొన్నింటిని తీశాను. సెలైన్‌లో కడగడం, ఆరబెట్టడం, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేయడం, ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడడం. అంతే పని.

అరగంటకు తీసినవాటిలో కణాలు చెదురుమదురుగా ఉన్నాయి. ఒకే సమయానికి తీసిన రెండు కవర్‌స్లిప్‌లలో ఒకదాన్ని మెల్లగా ఒకసారి, రెండోదాన్ని గట్టిగా మూడుసార్లు కడిగితే రెండోదానిలో దాదాపు ఏమీ మిగల్లేదు. పుస్తకాల్లో తిరిగి వదిలేయగల అంటుకోవడం అనేది ఈ దశే. కణం తనను ఈదించే ఫ్లాజెల్లా ఉన్న చివరతో ఉపరితలాన్ని తాకుతుంది, కాసేపు అక్కడే గింగిరాలు తిరుగుతుంది, నచ్చకపోతే వెళ్లిపోతుంది.

రెండు గంటలకు తీసినవాటిని ఎంత కడిగినా పోలేదు. కణం పొడవు మొత్తం గాజుకు ఆనేలా పడుకుంటే ఇక వదలదు. లోపల జరిగే మార్పు రంగులో కనిపించదు గానీ కథ నడిపేది అదే. ఉపరితలాన్ని తాకిన సంగతి తెలిశాక కణంలో సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న సంకేత అణువు పెరుగుతుంది. అది పెరిగితే ఈత ఆగుతుంది, జిగురు తయారీ మొదలవుతుంది. సూడోమోనాస్ జిగురులో ముఖ్యమైన పాలీశాకరైడ్లు పీఎస్ఎల్, పెల్. వాటితోపాటు ప్రోటీన్లు, పగిలిపోయిన కణాల నుంచి బయటపడిన డీఎన్ఏ కూడా ఉంటాయి. ఈ డీఎన్ఏ ఏదో చెత్త అనుకునేవారు. పొర లేతగా ఉన్నప్పుడు డీఎన్ఏను కోసే ఎంజైమ్ వేస్తే పొర మొత్తం ఊడిపోతుందని 2002లో సింథియా విట్‌చర్చ్ బృందం చూపించింది. పొర ముదిరాక అదే ఎంజైమ్ పెద్దగా పనిచేయలేదు. అప్పటికి ఇతర పదార్థాలు భారాన్ని మోస్తుంటాయి.

ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్య చిన్న గుంపులు కనబడ్డాయి. మర్నాటికి గుంపులు కలిసిపోయి, మధ్యలో విడి కణాన్ని గుర్తుపట్టడం కష్టమైంది. ఇంకోటి కూడా గమనించాను. కవర్‌స్లిప్‌ను నిలబెట్టి ఉంచిన గుంతల్లో ద్రవం, గాలి కలిసే గీత దగ్గరే పొర దట్టంగా కట్టింది. ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ అంటే అంత ఇష్టం. ఈ గమనిక తర్వాత పనికొస్తుందని అప్పుడు తోచలేదు.

చివరి దశ, అంటే పొరలోంచి కణాలు మళ్లీ ఈదుకుంటూ బయటికి పోవడం, నా పద్ధతిలో సరిగ్గా చూడలేం. మూడో రోజు కొన్ని గుంపుల మధ్యలో ఖాళీలు కనిపించాయి నిజమే. కానీ అవి కణాలు వెళ్లిపోతే మిగిలిన గుల్లలా, కడిగేటప్పుడు ఊడిన ముక్కలా అన్నది ఎండిపోయిన, రంగు పూసిన కవర్‌స్లిప్ చూసి చెప్పలేం. దానికి మీడియం నిత్యం ప్రవహించే ఫ్లో సెల్, కన్ఫోకల్ మైక్రోస్కోపు కావాలి. మా డిపార్ట్‌మెంట్‌లో రెండూ లేవు.

ఫిబ్రవరి మొదటి వారం

క్రిస్టల్ వయొలెట్‌తోనే 96 గుంతల ప్లేట్‌లో పొరను కొలవచ్చు. రంగు వేసి, కడిగి, 30 శాతం అసిటిక్ ఆమ్లంలో కరిగించి, 550 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తే చాలు. చవక, సులువు. అయితే మందు ప్రభావం చూడడానికి ఇది వద్దని మొదటి ప్లేట్‌తోనే తేలింది. సిప్రో వేసిన గుంతకీ వేయని గుంతకీ రీడింగ్ దాదాపు ఒకటే వచ్చింది. ఈ రంగు బతికిన కణానికీ చచ్చిన కణానికీ జిగురుకీ ఒకేలా అంటుకుంటుంది. పొర ఎంత ఉందో చెబుతుంది గానీ అందులో ఎవరు బతికున్నారో చెప్పదు. అందుకే బతికినవాటిని ప్లేట్ మీద పెంచి లెక్కపెట్టడం తప్పదు.

దీనికి ఎంచుకున్న పద్ధతి కాలనీ బయోఫిల్మ్. 25 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ మెంబ్రేన్, రంధ్రం సైజు 0.2 మైక్రాన్లు. రెండు వైపులా పది నిమిషాల చొప్పున యూవీ కింద పెట్టి, మెరిసే వైపు పైకి వచ్చేలా అగార్ మీద పరిచి, మధ్యలో 5 మైక్రోలీటర్ల పలచటి కల్చర్ చుక్క వేయాలి. రంధ్రాలు చిన్నవి కాబట్టి బాక్టీరియా కిందికి దిగదు, పోషకాలు మాత్రం కింది నుంచి పైకి వస్తాయి. 37 డిగ్రీల దగ్గర రెండు రోజులకు మెంబ్రేన్ మీద మందమైన పొర కడుతుంది. ఇక పట్టకారుతో మెంబ్రేన్‌ను ఎత్తి మందు కలిపిన అగార్ మీదికి మార్చేయడమే. పరిచేటప్పుడు కింద గాలి బుడగ ఉండిపోతే ఆ భాగానికి తిండి అందక పొర ఒంకరగా పెరుగుతుంది. అలాంటివి లెక్కలోకి తీసుకోకుండా పక్కన పడేశాను.

లెక్కలో రెండు చోట్ల మోసపోయే ప్రమాదం ఉంది. ఒకటి ముద్దలు. పొరను సెలైన్‌లోకి గీకి కలిపినప్పుడు వంద కణాల ముద్ద విడిపోకపోతే ప్లేట్ మీద ఒకే కాలనీ వస్తుంది, 99 కణాలు "చచ్చినట్టు" కనిపిస్తాయి. గాజు పూసలు వేసి వోర్టెక్స్ చేసి, ప్లేట్ మీద వేయకముందు ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూస్తున్నాను. ఎక్కువగా విడి కణాలు కనబడితేనే ముందుకు.

రెండోది పొరతోపాటు వచ్చే మందు. గీకిన దానిలో మిగిలిన మందు ప్లేట్ మీద కూడా చంపుతూనే ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో రెండుసార్లు కడగడంతోపాటు ఒక తనిఖీ పెట్టుకున్నాను. చివరిసారి కడిగిన నీళ్లలో మందు తగలని తాజా కణాలను కొన్ని వేసి, అవి మామూలుగా పెరుగుతున్నాయా అని చూడడం. పెరిగితేనే ఆ రోజు లెక్క చెల్లుతుంది.

ఫిబ్రవరి చివరి వారం

ముందు విడి కణాలు. చురుగ్గా పెరుగుతున్న కల్చర్, మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు. టోబ్రామైసిన్‌లో నాలుగు గంటలకు లెక్కకు అందేంత కూడా మిగల్లేదు. నా పద్ధతిలో మిల్లీలీటరుకు పది కన్నా తక్కువుంటే కనబడవు, కాబట్టి కనీసం లక్షవ వంతుకు పడిపోయాయని అర్థం. సిప్రోలో నాలుగు గంటలకు 200 మిగిలాయి. మర్నాటికి కూడా 30 ఉన్నాయి. ఈ తోక గురించి కింద రాస్తాను.

తర్వాత పొర. మందు లేని మెంబ్రేన్ మీద 300 కోట్లు. ఒక రోజు టోబ్రామైసిన్ మీద ఉంచినదానిలో 120 కోట్లు. సిప్రో మీద ఉంచినదానిలో 24 కోట్లు. ఎంఐసీకి పది రెట్లు మందు మీద కూర్చోబెట్టినా ఇంత! మా సీనియర్ అన్న నోట్‌బుక్ చూసి "మ్యుటెంట్లు వచ్చేశాయేమో" అన్నాడు. సందేహం న్యాయమైనదే. టోబ్రామైసిన్ మీద బతికిన పొరను గీకి, కడిగి, తాజా బ్రాత్‌లో పలచన చేసి రెండు గంటలు పెరగనిచ్చి, మళ్లీ అదే మోతాదు వేశాను. మొదటి రకం విడి కణాల్లాగే చచ్చాయి. ఎంఐసీ మళ్లీ చూస్తే 0.5 దగ్గరే ఉంది.

అంటే ఇది నిరోధకత కాదు, సహనం. నిరోధకత ఉన్న బాక్టీరియా మందు ఉండగానే పెరుగుతుంది, దాని ఎంఐసీ పెరుగుతుంది, ఆ గుణం పిల్లలకు పోతుంది. సహనం ఉన్నది పెరగదు, చావదు, ఊరుకుంటుంది. పొరలోంచి బయటికి తీస్తే ఆ రక్షణ పోతుంది. ఆసుపత్రి రిపోర్టులో మందు పేరు పక్కన "ఎస్", అంటే ఈ మందుకు లొంగుతుంది అని ఉండి కూడా క్యాథెటర్ ఇన్ఫెక్షన్ తగ్గకపోవడం వెనక తరచూ ఉండే కారణం ఇదే. ఆ రిపోర్టు విడి కణాలను పరీక్షించి ఇచ్చినది.

మార్చి రెండో వారం

ఇప్పుడు అసలు ప్రశ్న. మందు లోపలికి పోతోందా, లేదా?

పొర పైన ఇంకో చిన్న మెంబ్రేన్ కప్పి, దాని మీద తడిపిన ఫిల్టర్ పేపర్ బిళ్ల పెట్టాను. కింది అగార్‌లో ఉన్న మందు పొరను దాటి పైకి వస్తే బిళ్లలోకి ఇంకుతుంది. ఒక్కో సమయానికి బిళ్లను తీసి, బాక్టీరియా పరిచిన తాజా ప్లేట్ మీద పెట్టి, చుట్టూ ఖాళీ వలయం వస్తుందా అని చూశాను. పోల్చుకోవడానికి బాక్టీరియా లేని ఉత్త మెంబ్రేన్లూ పెట్టాను.

సిప్రో గంటలోపే దాటింది. టోబ్రామైసిన్ గంటకు వలయమే ఇవ్వలేదు, నాలుగు గంటలకు చిన్నది ఇచ్చింది, పన్నెండు గంటలకు ఉత్త మెంబ్రేన్‌తో సమానమైంది. ఈ తేడాకు అర్థముంది. టోబ్రామైసిన్‌కు ధనావేశం ఎక్కువ. జిగురులోని డీఎన్ఏ లాంటి రుణావేశ పదార్థాలు దాన్ని పట్టుకుంటాయి. సిప్రోను అంతగా పట్టుకోవు. కాబట్టి "అడ్డుపడుతుంది" అన్న వాక్యంలో కొంత నిజం ఉంది. అయితే ఆ అడ్డు ఆలస్యమే గానీ గోడ కాదు. పట్టుకునే చోట్లు నిండిపోయాక మందు ముందుకు సాగుతుంది.

ఆలస్యమే కారణమైతే పన్నెండు గంటల తర్వాత చావులు ఒక్కసారిగా పెరగాలి. పెరగలేదు. మెంబ్రేన్లను తాజా మందు ప్లేట్ల మీదికి మార్చి రెండో రోజు కూడా లెక్కపెడితే టోబ్రామైసిన్‌లో 120 కోట్లు దాదాపు 100 కోట్లయ్యాయి, అంతే. ఇక గంటలోపే దాటిన సిప్రో కూడా పొరలో పదో వంతు దాకా కణాలను ఎందుకు చంపలేకపోయిందో ఈ అడ్డు కథ అసలే చెప్పలేదు.

అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీలో ఫిలిప్ స్టీవర్ట్ బృందం ఈ ప్రశ్న మీద ఏళ్లుగా పనిచేసింది. 2000లో వాళ్లు క్లెబ్సియెల్లా అనే ఇంకో బాక్టీరియా పొర మీద చేసిన పని నాకు బాగా నచ్చింది. ఆంపిసిలిన్ ఆ పొరను దాటలేదు. కారణం జిగురు కాదు, కణాలు వదిలిన బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ దారిలోనే మందును విరిచేస్తోంది. ఆ ఎంజైమ్ లేని మ్యుటెంట్‌తో పొర కట్టిస్తే మందు హాయిగా దాటింది. అయినా ఆ పొర చావలేదు! ఒక్క ప్రయోగంతో రెండు కారణాలను ఇంత శుభ్రంగా విడదీయడం అరుదు.

2003లో అదే బృందం సూడోమోనాస్ కాలనీ బయోఫిల్మ్ మీద, నేను వాడుతున్న ఈ రెండు మందులతోనే చేసింది. వంద గంటల తర్వాత కూడా టోబ్రామైసిన్ తగ్గించింది 0.49 లాగ్, అంటే దాదాపు మూడో వంతు మిగిలింది. సిప్రో 1.42 లాగ్, అంటే దాదాపు పాతికో వంతు మిగిలింది. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే దెబ్బతిన్న కణాలు పొర పై అంచున, గాలికి దగ్గరగా మాత్రమే ఉన్నాయి. ఈ విషయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మందు వచ్చేది కింది నుంచి. మందుకు అతి దగ్గరగా ఉన్న కణాలు బతికాయి, అతి దూరంగా ఉన్నవి చచ్చాయి. అడ్డుగోడ నిజమైతే ఇది సరిగ్గా తలకిందులుగా ఉండాలి.

పైన ఉన్నది ఆక్సిజన్. మైక్రోఎలక్ట్రోడ్ గుచ్చి కొలిస్తే అది గాలి అంచు నుంచి 50–90 మైక్రాన్ల లోతు దాకే పోయింది, ఇంచుమించు ఒక తల వెంట్రుక మందమంత. పై కణాలు వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్టే వాడేసుకుంటాయి, కింద ఉన్నవాటికి మిగలదు. కొత్త ప్రోటీన్ తయారీ కూడా ఆ పై పట్టీలోనే జరుగుతోందని మెరిసే ప్రోటీన్ జీన్ పెట్టి చూపించారు. నా కవర్‌స్లిప్ మీద గాలి గీత దగ్గర పొర దట్టంగా ఎందుకు కట్టిందో కూడా ఇక్కడే అర్థమైంది.

ఇక మందుల వైపు నుంచి చూస్తే బొమ్మ పూర్తవుతుంది. టోబ్రామైసిన్ కణంలోకి పోవాలంటే కణత్వచం మీద విద్యుత్ తేడా ఉండాలి. ఆ తేడాను నిలబెట్టేది శ్వాసక్రియ. ఆక్సిజన్ లేని చోట శ్వాస మందగిస్తే మందు గుమ్మం దాకా వచ్చి కూడా లోపలికి పోలేదు. పోయినా, పని ఆపేసిన రైబోజోమ్‌ను చెడగొట్టి సాధించేది తక్కువ. సిప్రో కూడా డీఎన్ఏ నకళ్లు తయారవుతున్న కణంలోనే బాగా చంపుతుంది.

మార్చి చివరి వారం

మేడమ్ అడ్డుప్రశ్న: "విడి కణాలు పది లక్షలు, పొరలో 300 కోట్లు. మందు చాలలేదేమో?"

లెక్క వేశాను. 5 మైక్రోగ్రాముల టోబ్రామైసిన్‌ను దాని అణుభారం 467.5తో భాగించి, అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే సుమారు 6.4 × 10¹⁵ అణువులు. మిల్లీలీటరుకు 200 కోట్ల కణాలున్నా ఒక్కో కణం వంతుకు 30 లక్షలకు పైనే వస్తాయి. ఒక బాక్టీరియా కణంలో రైబోజోములు వేలల్లో, మహా అయితే కొన్ని పదుల వేలల్లో ఉంటాయి. కణం పై గోడలకు అంటుకుపోయేవి తీసేసినా మందు కొరత అనలేం.

లెక్కతో ఆగకుండా పొర లేని దట్టమైన కల్చర్ కూడా పెట్టాను. రాత్రంతా పెరిగి, తిండి అయిపోయి, ఆగిపోయిన కల్చర్, మిల్లీలీటరుకు 200 కోట్లు. జిగురు లేదు, మందుకు అడ్డు లేదు. పలచన చేయకుండా దాని పాత మీడియంలోనే మందు వేశాను. ఒక రోజుకు టోబ్రామైసిన్‌లో 60 కోట్లు, సిప్రోలో 4 కోట్లు మిగిలాయి. పొరకు మరీ దూరంగా లేదు. పెరుగుదల ఆగిన విడి కణాలు పొరలోని కణాలకు దీటుగా మందులను తట్టుకుంటాయని స్పోరింగ్, లూయిస్ 2001లో ఇదే బాక్టీరియాతో చూపించారు. పొర అంటే, ఈ కోణంలో చూస్తే, కణాలు ఆ ఆగిపోయిన స్థితిలోకి వెళ్లే చోటు.

ఇప్పుడు సిప్రో తోక. చురుగ్గా పెరుగుతున్న పది లక్షల్లో కూడా 30 మిగిలాయి కదా. అవి పర్సిస్టర్లు. జన్యువులు ఒకటే, కానీ ఏ కల్చర్‌లోనైనా ఒక చిన్న వాటా కణాలు ముందే నిద్రలో ఉంటాయి. పెన్సిలిన్ వేసినా పూర్తిగా శుభ్రం కాని స్టెఫిలోకాకస్ కల్చర్లను గమనించి 1944లో జోసెఫ్ బిగ్గర్ వీటికి ఆ పేరు పెట్టాడు. గుర్తుపట్టే పద్ధతి సులువే: చావుల గీత మొదట నిటారుగా పడి, తర్వాత అడ్డంగా పాకుతుంది. మిగిలినవాటిని పెంచి మళ్లీ మందు వేస్తే మళ్లీ అదే ఆకారం రావాలి. నాకు వచ్చింది. పొరలో బతికిన కోట్లన్నీ పర్సిస్టర్లే అనడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఎక్కువ భాగం ఆక్సిజన్ లేక నెమ్మదించిన మామూలు కణాలే అనిపిస్తోంది. నా కాలనీల లెక్కతో ఆ రెంటినీ వేరుచేయలేను.

ఏప్రిల్ మొదటి వారం

వాదన నిజమైతే, పెరగని కణాలను కూడా చంపగల మందు తీసుకుంటే పొరలో చావులు తలకిందులు కావాలి. కోలిస్టిన్ అలాంటిది, నేరుగా కణత్వచాన్ని చీలుస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు 2008లో ఫ్లో సెల్‌లో పెంచిన సూడోమోనాస్ పొర మీద చూపించింది సరిగ్గా ఇదే. కోలిస్టిన్ లోపలి మందకొడి కణాలను చంపింది, పైనున్న చురుకైనవి బతికాయి. చురుకైనవాటికి మందును బయటికి తోసే పంపును నడపడానికి, త్వచం పై రసాయనాన్ని మార్చుకోవడానికి శక్తి ఉంది మరి. సిప్రో, కోలిస్టిన్ కలిపి ఇస్తే రెండు భాగాలూ దెబ్బతిన్నాయి.

నేనూ కోలిస్టిన్ ప్లేట్లు పోద్దామనుకున్నాను. మేడమ్ వద్దన్నారు. కోలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగ్గా పాకదు, ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. నా పద్ధతిలో పొర చావకపోతే అది సహనమో, మందే అందలేదో తెలియదు.

అందుకే ఇంకో దారి. సూడోమోనాస్‌కు ఆక్సిజన్ లేకపోతే నైట్రేట్‌తో శ్వాసించే తెలివి ఉంది. ఆక్సిజన్ పై నుంచి వస్తుంది, అగార్‌లో కలిపిన నైట్రేట్ మాత్రం కింది నుంచి వస్తుంది, అంటే నిద్రపోతున్న కణాల వైపు నుంచే. నైట్రేట్ గానీ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం గానీ ఇస్తే పొర మందులకు మరింత లొంగుతుందని స్టీవర్ట్ బృందమే 2006లో రాసింది.

వచ్చే వారానికి నాలుగు రకాల ప్లేట్లు పోస్తున్నాను. ఉత్త అగార్, 1 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నది, టోబ్రామైసిన్ ఉన్నది, రెండూ ఉన్నది. నైట్రేట్ ఒక్కటే ఉన్న ప్లేట్ మీద లెక్క తగ్గకూడదు. తగ్గితే నైట్రేట్ నుంచి తయారయ్యే నైట్రైటే విషమవుతోందని అర్థం, అప్పుడు మోతాదు దించాలి. అది నిలబడి, నాలుగో ప్లేట్ మీద 120 కోట్ల కన్నా బాగా కిందికి పడితే, కణాలకు ఊపిరి ఇచ్చి చంపామన్నమాట. మెంబ్రేన్లు ఈ రోజు సాయంత్రం ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాయి.